బొమ్మ పోయిందా, దీపం పోయిందా?

టీవీ రిపేరు షాపుల్లో తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఊరు మారినా, కంపెనీ మారినా ఆ మాటలు మారవు: "సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు." రాత్రి దాకా బాగానే ఉన్న టీవీ. పొద్దున ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది, వార్తలు మాత్రం వినపడుతున్నాయి. ఇంట్లో వెంటనే రెండు వర్గాలు తయారవుతాయి. ఆరేళ్లు వాడాం, ఇంక కొత్తది కొనేద్దామని ఒకరు. ముందు మెకానిక్‌కి చూపిద్దామని ఇంకొకరు. ఈలోగా పక్కింటాయన తొంగిచూసి, "ప్యానెల్ పోయినట్టుందండీ, దండగ" అని తీర్పు చెప్పి వెళ్లిపోతాడు.

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. బొమ్మ రాకపోవడానికీ ప్యానెల్ పోవడానికీ సంబంధం లేకపోవచ్చు. ఆ తేడా తెలియక, కొన్నివేల రూపాయల్లో బాగయ్యే టీవీలు పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి. దీనికి వ్యతిరేకంగా, బాగు చేయించడం అనవసరమైన టీవీ మీద పదివేలు పోసే ఇళ్లూ ఉన్నాయి. టీవీ వయసెంత, రిపేరు ఖర్చెంత అన్నవి ముఖ్యమే గానీ, వాటికంటే ముందు తేలాల్సింది జబ్బు ఎక్కడుందన్నది. గాజులో ఉందా, గాజు వెనక ఉందా? మిగతా లెక్కంతా దీని మీదే ఆధారపడుతుంది.

ఇళ్లలో ఇప్పుడున్న ఎల్‌ఈడీ టీవీల్లో దాదాపు అన్నీ లోపల ఎల్‌సీడీ టీవీలే. ముందు పలుచని గాజు పలక ఉంటుంది. వ్యాపారంలో దాన్ని ఓపెన్ సెల్ అంటారు, జనం ప్యానెల్ అంటారు. బొమ్మను తయారుచేసేది అదే. కానీ దానికి సొంత వెలుగు లేదు. గాజు వెనక వరసగా బిగించిన చిన్నచిన్న ఎల్‌ఈడీ బల్బులు వెలుగునిస్తాయి. వాటిని బ్యాక్‌లైట్ అంటారు. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఆరిపోతే బొమ్మలు ఆడుతూనే ఉంటాయి, చూసేవాళ్లకే కనపడవు. సౌండ్ వచ్చి బొమ్మ రాని టీవీలో చాలాసార్లు జరిగేది ఇదే.

నిర్ధారించుకోవడానికి మెకానిక్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. రాత్రిపూట గదిలో లైట్లు ఆర్పేసి, టీవీ ఆన్ చేసి, ఏదైనా చానల్ నడుస్తుండగా ఫోన్ టార్చిని తెరకు దాదాపు ఆనించి ఏటవాలుగా వెయ్యాలి. ఆ వెలుగు పడిన చోట మసక మసకగా మనుషులు కదులుతూనో, చానల్ గుర్తో, రిమోట్ నొక్కితే వచ్చే మెనూనో కనిపిస్తే ప్యానెల్ బతికే ఉందన్నమాట. మెయిన్ బోర్డు కూడా తన పని తాను చేస్తోంది. పోయింది వెనకున్న దీపమో, ఆ దీపానికి కరెంటు అందించే భాగమో. టార్చి వేసినా ఏమీ కనపడకపోతే మాత్రం లోపం మరోచోట ఉండవచ్చు. ఆన్ చేయగానే ఒక్క క్షణం బొమ్మ మెరిసి మళ్లీ చీకటైతే అది కూడా బ్యాక్‌లైట్ వైపే వేలు చూపే లక్షణం. బల్బుల వరసలో తేడా ఉందని గ్రహించిన సర్క్యూట్, కాపాడుకోవడానికి సప్లై ఆపేస్తుంది.

ఈ బల్బులు ఎందుకు పోతాయి? ఎల్‌ఈడీకి ఆయుష్షు ఎక్కువన్న మాట నిజమే. ముప్పైవేల గంటలు, అంతకంటే ఎక్కువ వస్తుందని చెబుతుంటారు. రోజుకి ఆరు గంటలు చూసే ఇంట్లో ఏడాదికి 2,190 గంటలవుతాయి. ఆ లెక్కన పదమూడేళ్లు దాటాలి. కానీ చాలా ఇళ్లలో నాలుగైదేళ్లకే చీకటి పడుతోంది. కారణం వేడి. తక్కువ ధర టీవీల్లో ఖర్చు తగ్గించడానికి బల్బుల సంఖ్య తగ్గించి, ఒక్కొక్క దానినుంచి ఎక్కువ వెలుగు పిండుతారు. పైగా షోరూములో పక్కవాటికంటే మెరిసిపోవాలని పెట్టిన వివిడ్ మోడే ఇంట్లోనూ ఏళ్ల తరబడి కొనసాగుతుంది. బ్యాక్‌లైట్ నూటికి నూరు మీద, గోడకు ఆనించి, వెనక గాలి ఆడకుండా, మే నెల ఎండల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచే టీవీలో బల్బు త్వరగా ఓడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒక్క బల్బు పోతే తెరంతా ఎందుకు చీకటవుతుందన్న అనుమానం చాలామందికి వస్తుంది. బల్బులను పొడుగాటి అల్యూమినియం పట్టీల మీద అతికిస్తారు. షాపుల్లో వీటిని స్ట్రిప్‌లు అంటారు. ఒక స్ట్రిప్ మీదున్న బల్బులన్నీ, చాలా టీవీల్లో స్ట్రిప్‌లన్నీ కూడా, ఒకదాని వెనక ఒకటిగా ఒకే దారిలో కలిసి ఉంటాయి. మధ్యలో ఒకటి తెగితే ఆ దారంతా ఆగిపోతుంది.

మెకానిక్ ప్యానెల్ తీసి, ఎల్‌ఈడీ టెస్టర్‌తో బల్బులను ఒక్కొక్కటిగా వెలిగించి చూస్తాడు. ఎక్కడ పోయిందో నిమిషాల్లో తెలిసిపోతుంది. అసలు బేరం అక్కడే మొదలవుతుంది. "ఒకటే పోయింది సార్, అదొక్కటీ మార్చేస్తా, తక్కువలో అయిపోద్ది" అంటాడు ఒకడు. పోయిన బల్బు రెండు చివర్లనూ తీగతో కలిపేసి, అది లేకుండానే వెలిగించేవాళ్లూ ఉన్నారు. ఆ రోజుకి టీవీ వెలుగుతుంది. కానీ మిగిలిన బల్బులు కూడా అదే రోజు పుట్టినవి, అంతే వేడి తిన్నవి. మూడు నెలలకో ఆరు నెలలకో ఇంకొకటి పోతుంది. మళ్లీ విప్పాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్యానెల్‌ను మళ్లీ ఒకసారి ప్రమాదంలో పెట్టాలి. అందుకే మార్చితే సెట్టు మొత్తం మార్చాలి. ఇందులో బేరం ఆడి ప్రయోజనం లేదు.

ఇంకో మాట కూడా మెకానిక్‌ని అడగొచ్చు: "కరెంట్ కొంచెం తగ్గిస్తారా?" బల్బులకు ఎంత కరెంటు వెళ్లాలో నిర్ణయించే చిన్న రెసిస్టర్లు బోర్డు మీద ఉంటాయి. అనుభవమున్న మెకానిక్ వాటిని సర్ది, కొత్త స్ట్రిప్‌లకు కంపెనీ పెట్టినదానికంటే తక్కువ కరెంటు వెళ్లేలా చేస్తాడు. వెలుగు కొద్దిగా తగ్గుతుంది, ఇంట్లో ఎవరూ గుర్తుపట్టనంత. వేడి తగ్గుతుంది కాబట్టి బల్బులు ఎక్కువ కాలం నిలుస్తాయి. అదీ వద్దనుకుంటే సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాక్‌లైట్‌ను యాభై, అరవైకి దించుకోవచ్చు. ఖర్చులేని పని. కొత్త టీవీ కొన్నవాళ్లు మొదటిరోజే చెయ్యదగ్గదీ ఇదే.

ప్రమాదం అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. స్ట్రిప్‌లు చవక. వాటిని చేరే దారి ప్రమాదకరం. బల్బులు అన్నిటికంటే అడుగున ఉంటాయి. వాటి మీద తెల్లని ప్లాస్టిక్ పలక, వెలుగును సమంగా పరిచే రెండు మూడు పలుచని షీట్లు, ఆ పైన గాజు. అంటే దీపం మార్చాలంటే గాజు ఎత్తి పక్కన పెట్టాల్సిందే. ఆ గాజు అంచున సన్నని పట్టీలు వరసగా అతికి ఉంటాయి. బొమ్మకు సంబంధించిన సిగ్నల్ గాజులోకి వెళ్లేది వాటిగుండానే. గాజు కొంచెం మెలిపడినా, పట్టీ కొంచెం లాగినట్టైనా తెర మీద జీవితాంతం ఉండే గీత పడుతుంది. ముప్పై రెండు అంగుళాల గాజును చెయ్యి తిరిగిన మనిషి ఒక్కడే ఎత్తగలడు. నలభై మూడు, ఆ పైన అయితే ఇద్దరు ఉండాలి. యాభై ఐదు అంగుళాల టీవీని ఒక్కడే వచ్చి, హాల్లో సోఫా మీద పడుకోబెట్టి విప్పుతానంటే వద్దని చెప్పి పంపడమే మంచిది.

కాబట్టి ఎంత తీసుకుంటావన్న ప్రశ్నకంటే ముందు అడగాల్సింది, విప్పేటప్పుడు ప్యానెల్ పగిలితే బాధ్యత ఎవరిదన్నది. దీనికి సూటిగా జవాబు చెప్పేవాడు సాధారణంగా పని తెలిసినవాడే. అంతకుముందే తెర మీద గీతలు, మచ్చలు ఉన్నాయా అన్నది టార్చి వెలుగులో ఇద్దరూ కలిసి చూసుకుని, వీలైతే ఫోన్‌లో వీడియో తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు. పని అయ్యాక టీవీని కనీసం గంటసేపు నడిపించి చూడాలి. తెల్లని బొమ్మ పెట్టి చూస్తే షీట్ల మధ్య చిక్కిన దుమ్ము, వేలిముద్రలు, సరిగ్గా పరుచుకోని వెలుగు ఇట్టే బయటపడతాయి.

తెర మీద అక్కడక్కడా గుండ్రని తెల్లమచ్చలు కనిపించడం, బొమ్మంతా నీలంగానో ఊదాగానో మారడం కూడా ఈ కుటుంబానికి చెందిన జబ్బులే. ప్రతి బల్బు మీదా వెలుగును పరిచే చిన్న ప్లాస్టిక్ లెన్స్ ఉంటుంది. వేడికి జిగురు వదిలి లెన్స్ రాలిపోతే ఆ చోట తెల్లమచ్చ పడుతుంది. నీలం రంగు తిరగడం బల్బు లోపలి పసుపు పూత పాడైనందువల్ల. ఈ ఎల్‌ఈడీలు పుట్టుకతో నీలం వెలుగునిచ్చేవి, పూతే వాటిని తెల్లగా చూపిస్తుంది. చూసినవాళ్లు ప్యానెల్ ముసలిదైందనుకుంటారు. ముసలైంది దీపం.

జబ్బు గాజులోనే ఉంటే కథ పూర్తిగా వేరు.

పిల్లవాడు విసిరిన బంతి తగిలి లోపల సాలెగూడులా పగుళ్లు పడ్డ టీవీని ఎవరూ బాగుచేయలేరు, ప్యానెల్ మార్చడమొక్కటే దారి. ఆ ఖర్చు విన్నాక ఎక్కువమంది కొత్త టీవీ షాపు వైపే నడుస్తారు. దీనికి వారంటీ కూడా వర్తించదు, దెబ్బ తగిలినవి అందులోకి రావు. ఎందుకంత ఖర్చంటే, టీవీ తయారీలో సగానికి పైగా డబ్బు ఆ గాజుకే పోతుంది. తిరుపతిలో డిక్సన్ లాంటి కంపెనీలు టీవీలు బిగిస్తున్నాయి గానీ, గాజు పలకలు ఎక్కువగా చైనానుంచే రావాలి. పెద్దమొత్తంలో కొనే కంపెనీకే గాజు టీవీ ధరలో సగం పడితే, ఒక్క ముక్క కొనే వినియోగదారుడికి ఇంకెంత పడుతుందో ఊహించుకోవచ్చు. యూరప్‌లో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఒకటి ఇక్కడ ఆసక్తికరం. ఒక మోడల్‌లో చివరి టీవీ మార్కెట్‌లోకి వచ్చాక ఏడేళ్లపాటు పవర్ సప్లై, కనెక్టర్లు, పెద్ద కెపాసిటర్ల లాంటి విడిభాగాలను రిపేరుదారులకు అందుబాటులో ఉంచాలని కంపెనీలను ఆదేశించింది. ఆ జాబితాలో ప్యానెల్ పేరు లేదు. విడిభాగాల కోసం చట్టం తెచ్చినవాళ్లే దాన్ని పక్కన పెట్టారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబరు ఉన్న రెండు టీవీల్లో వేర్వేరు ప్యానెళ్లు ఉండవచ్చు. దొరికిన సమయంలో ఎవరి గాజు చవకైతే అది వేస్తారు. అందుకే ఫలానా మోడల్‌కు ప్యానెల్ ఉందా అని ఫోన్‌లో అడిగితే నమ్మదగ్గ జవాబు రాదు. వెనక మూత విప్పి, ప్యానెల్ మీది స్టిక్కర్ నంబరు చూస్తే గానీ తేలదు. బోర్డులకూ ఇదే వర్తిస్తుంది.

పగలకుండానే గాజు జబ్బు పడటం మరో రకం. నిలువు గీత ఒకటి, ఆకుపచ్చదో గులాబీదో, తెర పైనుంచి కిందికి. లేదా సగం తెర మసకబారడం. ఇక్కడ మొదట చూడాల్సింది ఆ గీత ఎక్కడెక్కడ కనపడుతోందన్నది. ఒక్క సెట్‌టాప్ బాక్సు బొమ్మలోనే కనపడితే తప్పు బాక్సుదో వైరుదో. టీవీ సొంత మెనూ మీద, ఆన్ చేయగానే వచ్చే కంపెనీ గుర్తు మీద కూడా అదే గీత ఉంటే తప్పు టీవీదే. అప్పుడు కూడా వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. మెయిన్ బోర్డుకీ ప్యానెల్‌కీ మధ్య టీకాన్ అనే చిన్న బోర్డు ఉంటుంది, దానికి వెళ్లే రిబ్బన్ కేబుల్ వదులైనా బొమ్మ సగం సగం వస్తుంది, రంగులు తారుమారవుతాయి. ఆ రిపేరు చిన్నదే. కానీ సన్నని నిలువుగీత ఎప్పుడూ ఒకేచోట ఉండి, ఫ్రేము అంచున మెల్లగా నొక్కితే మాయమై వదిలితే తిరిగి వస్తుంటే, గాజుకు అతికిన పట్టీల్లో ఒకటి ఊడుతోందని అర్థం.

దీనికి బాండింగ్ అనే వైద్యం ఉంది. పెద్ద నగరాల్లో యంత్రాలు పెట్టుకున్న షాపులు, ఊడిన పట్టీని ప్రత్యేకమైన పలుచటి జిగురు పొరతో, వేడితో నొక్కి తిరిగి అతికిస్తాయి. పని బాగా కుదిరితే టీవీ ఏళ్లపాటు నడవొచ్చు. కుదరకపోతే నెలల్లోనే గీత మళ్లీ పలకరిస్తుంది. ఒక పట్టీ ఊడిన ప్యానెల్‌లో దాని పక్కది కూడా ఊడే దారిలోనే ఉండవచ్చు కాబట్టి షాపులు పెద్ద గ్యారంటీ ఇవ్వవు. ఇస్తామన్నా నోటి మాటగా కాకుండా రశీదు మీద రాయించుకోవాలి. యాభై ఐదు, అరవై ఐదు అంగుళాల ఖరీదైన టీవీకి ఈ ప్రయత్నం అర్థవంతమే. ముప్పై రెండు అంగుళాల టీవీకి కాదు. ఒక మూలన సన్నటి గీత ఒక్కటే ఉంటే దానితోనే సర్దుకుని ఇంకో ఏడాది చూసే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లు చేస్తున్నదీ తెలివైన పనే.

ఓఎల్‌ఈడీ టీవీలను ఈ లెక్కలోంచి విడిగా చూడాలి. వాటికి వెనక దీపమే లేదు, ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. అంటే అక్కడ వెలుగు అరిగిందంటే ప్యానెల్ అరిగినట్టే. ఏళ్ల తరబడి ఒకే వార్తా చానల్ పెట్టుకుంటే దాని గుర్తు, కింద పరుగెత్తే పట్టీ తెరమీద నీడలా మిగిలిపోవచ్చు. స్ట్రిప్ మార్చినంత తేలికగా దాన్ని మార్చే వీలు లేదు.

ఇక పూర్తిగా చచ్చినట్టు పడి ఉన్న టీవీ. ఎర్రలైటు కూడా రాదు. చూడ్డానికి ఇదే అన్నిటికంటే భయపెడుతుంది గానీ, నిజానికి తరచూ ఇదే అన్నిటికంటే చవక రిపేరు. పవర్ బోర్డులో ఫ్యూజో, పైభాగం ఉబ్బిన కెపాసిటరో మార్చితే లేచి కూర్చుంటుంది. గాజు ఎత్తే పని లేదు కాబట్టి ప్రమాదమూ తక్కువే. పిడుగు పడిన రాత్రి తర్వాత పోయిన టీవీ మాత్రం వేరు. అప్పుడు దెబ్బ కరెంటు తీగనుంచే కాదు, కేబుల్ వైరు, డిష్ వైరు, సెట్‌టాప్ బాక్సు గుండా కూడా లోపలికి వస్తుంది. ప్లగ్గు తీసేసి వైరు వదిలేసిన ఇళ్లలోనూ హెచ్‌డీఎంఐ పోర్టు, దానితోపాటు మెయిన్ బోర్డు పోవడానికి కారణం ఇదే.

మెయిన్ బోర్డు దగ్గర అసలు తర్జనభర్జన మొదలవుతుంది. కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోవడం, తనంతట తాను ఆగి మళ్లీ మొదలవ్వడం దీని లక్షణాలు. కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది. కొన్నిసార్లు బోర్డు మీది మెమరీ చిప్ మార్చాలి. అదీ కుదరకపోతే బోర్డే మార్చాలి. అచ్చంగా అదే బోర్డు దొరకనప్పుడు మెకానిక్ యూనివర్సల్ బోర్డు వేస్తానంటాడు. టీవీ నడుస్తుంది కానీ పాత రిమోట్, పాత స్మార్ట్ సదుపాయాలు పోవచ్చు. సెట్‌టాప్ బాక్సు మీదే ఆధారపడే ఇంటికి అది చాలు.

ఇప్పుడు వయసు. టీవీ ఎప్పుడు కొన్నారన్నది గుర్తులేకపోతే వెనక స్టిక్కర్ మీద తయారైన నెల, సంవత్సరం సాధారణంగా ఉంటాయి. కానీ ఏళ్లకంటే గంటలు ముఖ్యం. పొద్దున భక్తి కార్యక్రమంతో మొదలై అర్ధరాత్రి సినిమాతో ముగిసే ఇంట్లో మూడేళ్ల టీవీ, వారాంతంలో మాత్రమే చూసే ఇంట్లోని ఎనిమిదేళ్ల టీవీకంటే ముసలిది. కొన్ని కంపెనీల టీవీల్లో సర్వీస్ మెనూ తెరిస్తే ప్యానెల్ ఎన్ని గంటలు నడిచిందో కనపడుతుంది. తెలిసిన మెకానిక్ చేతే చూపించుకోవాలి, ఆ మెనూలో తెలియక ఒక అంకె మార్చినా టీవీ మొండికేస్తుంది.

వయసు ఎక్కడ అక్కరకొస్తుందంటే, రిపేరు చేయించాక ఇంకెన్నేళ్లు నడుస్తుందని అంచనా వేసేటప్పుడు. కొత్తదాని ధరలో సగం దాటితే రిపేరు వద్దని ఒక లెక్క ప్రచారంలో ఉంది. తేలిక లెక్కే గానీ కాస్త మొద్దు లెక్క. అంతకంటే నమ్మదగ్గది, రిపేరు ఖర్చును అది ఇచ్చే ఏళ్లతో భాగించడం. కొత్త టీవీ ధరనూ అలాగే భాగించి రెండూ పక్కపక్కన పెట్టి చూడటం.

ఒక ఉదాహరణ. 2019లో కొన్న నలభై మూడు అంగుళాల టీవీ. రోజుకి ఐదారు గంటలు నడిచింది. బొమ్మ పోయింది, టార్చి వేస్తే కనపడుతోంది. స్ట్రిప్‌ల సెట్టు మొత్తం మార్చి, కూలితో కలిపి 4,500 అడిగాడనుకుందాం. గీతలు, మచ్చలు లేవు, ప్యానెల్ శుభ్రంగా ఉంది. జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో మూడేళ్లు నడుస్తుందని తక్కువలో తక్కువ అంచనా. ఏడాదికి 1,500. అదే పరిమాణంలో కొత్తది 24,000, ఎనిమిదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 3,000. రిపేరే మేలు, అందులో అనుమానం లేదు. మూడేళ్లు కాకుండా ఏడాదిన్నరే నడిచినా రెండూ సమానం.

అదే టీవీకి బ్యాక్‌లైట్ కాకుండా మెయిన్ బోర్డు పోయిందనుకుందాం. 8,000 అన్నారు. సగం లెక్క ప్రకారం ఇదీ చేయించుకోవచ్చు, కొత్తదాని ధరలో మూడోవంతే. కానీ పాత స్ట్రిప్‌లు ఏడెనిమిదేళ్లనాటివి, అవి రేపోమాపో పోతాయి. రెండేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి 4,000. మధ్యలో బ్యాక్‌లైట్ పోతే దానికి మరో 4,500. ఈసారి కొత్తదే చవక. ఒకే టీవీ, ఒకే వయసు, జబ్బు మారేసరికి తీర్పు తిరగబడింది. టీవీ రెండేళ్లదే అయివుంటే ఇదే 8,000 బోర్డు నిస్సందేహంగా వేయించుకోవచ్చు.

కొత్తదాని ధర ఈమధ్య మారిందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముప్పై రెండు అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా 20,000 ఉండే టీవీ అంతకుముందు 25,600 పడేది, తర్వాత 23,600. ఆ రెండువేల తేడా, అటూఇటూ ఊగుతున్న రిపేర్లను కొత్త టీవీ వైపు కొంచెం జరిపింది. పండగ ఆఫర్లు మరికొంచెం జరుపుతాయి. ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉంటే, పనిచేయని టీవీని కూడా తీసుకుంటారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్నిచోట్ల ఆన్ అయితేనే తీసుకుంటారు.

జబ్బే లేని టీవీని మార్చేవాళ్లూ తక్కువేం కాదు. యాప్‌లు తెరుచుకోవట్లేదు, మెనూ నత్తనడక నడుస్తోంది, ఫలానా ఓటీటీ ఈ టీవీలో ఇక రాదంటోంది. 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ 2010, 2011 నాటి కొన్ని శామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో ఆగిపోయింది. ఆ టీవీల తెరలకు ఏమీ కాలేదు. ఇలాంటి టీవీకి వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ చాలు. అది టీవీలోని పాత సాఫ్ట్‌వేర్‌తో పనిలేకుండా తానే యాప్‌లు నడుపుతుంది. ప్యానెల్ బాగుండి తెలివి మాత్రమే మందగించిన టీవీని వదులుకోవడం, ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే అనవసరమైన ఖర్చు.

వారంటీ ఉన్న టీవీని బయటి మెకానిక్‌తో విప్పించకూడదు, అది అందరికీ తెలిసిందే. వారంటీ అయిపోయాక కంపెనీ సర్వీస్ సెంటర్‌కీ, బయటి షాపుకీ మధ్య తేడా స్పష్టంగా కనపడుతుంది. సర్వీస్ సెంటర్ తరచుగా భాగాన్ని బాగుచేయదు, మొత్తం బోర్డో మొత్తం ప్యానెలో మార్చడానికి అంచనా ఇస్తుంది. బ్యాక్‌లైట్ పోయిన టీవీకి కూడా, బల్బులూ గాజూ కలిపి ఒకే భాగమని లెక్కగట్టి, కొత్త టీవీతో పోటీపడే అంకె చెప్పిన సందర్భాలున్నాయి. "ప్యానెల్ పోయింది" అన్న మాట అక్కడ వినపడితే, టార్చి పరీక్షలో కనపడిన బొమ్మను గుర్తుంచుకుని, స్ట్రిప్‌లు విడిగా మారుస్తారా అని ఇంకోచోట కూడా అడగడం మంచిది. ఇలాంటి రిపేర్ల సమాచారం ఒకేచోట ఉంచాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. సేవల మీద ఫిర్యాదుంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉండనే ఉంది.

చివరికి కొత్తదే కొనాలని తేలినా, పాతది పూర్తిగా పనికిరానిది కాదు. ప్యానెల్ పగిలిన టీవీలో మెయిన్ బోర్డు, పవర్ బోర్డు, స్ట్రిప్‌లు, స్పీకర్లు బాగానే ఉంటాయి. బోర్డు పోయిన టీవీలో ప్యానెల్ బాగుంటుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్ విడిభాగాల బజార్ల చుట్టూ పనిచేసే మెకానిక్‌లకు ఇవి కావాలి. కంపెనీ ఆపేసిన మోడల్‌కు అచ్చంగా సరిపోయే బోర్డు మరో టీవీలోనే దొరుకుతుంది మరి. అందుకే పాత సామాన్లవాడికి కిలోల లెక్కన ఇచ్చేముందు ఒక మెకానిక్‌ని ధర అడగాలి. ఇచ్చే టీవీ స్మార్ట్ టీవీ అయి, ఇంకా ఆన్ అవుతుంటే, అందులోని జీమెయిల్, ఓటీటీ ఖాతాలు తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. 2010కి ముందునాటి ఎల్‌సీడీ టీవీ అయితే ఒక జాగ్రత్త ఎక్కువ. వాటిలో చాలావరకు దీపాలు ఎల్‌ఈడీలు కావు, పాదరసం ఉన్న సన్నని గాజు గొట్టాలు. వాటిని చెత్తకుప్పలో పగలగొట్టకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత రీసైక్లర్‌కే అప్పగించాలి.